తిరుగు విమానం తేదీ మార్చమని ట్రావెల్ డెస్కుకు మెయిలు పెట్టాను, అర్థం కాలేదంటున్నారు

మెట్టుగూడ శారద | సెప్టెంబరు 15, 2025, సోమవారం, రాత్రి 11:40

ఆఫీసు పని మీద ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చాను. హైదరాబాద్ నుంచి దోహా మీదుగా 7వ తేదీ ఆదివారం దిగాను. తిరుగు ప్రయాణం ఈ శనివారం, 20న. ఈ రోజు ఉదయం క్లయింటు పని ఇంకో వారం పొడిగించారు. టికెట్టు మా కంపెనీ ట్రావెల్ డెస్కు కొన్నది కాబట్టి వాళ్ళకే రాశాను. ఆఫీసుకు ఇంగ్లీషులోనే పంపాను, ఇక్కడ తెలుగులో పెడుతున్నాను:

"నమస్కారం. నా తిరుగు టికెట్టు పీఎన్ఆర్ , పేరు  (నిర్వాహకులు తొలగించారు). పని పొడిగించినందువల్ల తేదీ మార్చవలసి ఉంది. 28 ఆదివారం అయితే మంచిది. లేకపోతే 27, 29 అయినా పర్వాలేదు. 30వ తేదీకి మాత్రం ఇంట్లో ఉండాలి. వీలైనంత త్వరగా చెప్పగలరు."

రెండు గంటల తర్వాత జవాబు వచ్చింది: "దయచేసి పూర్తి వివరాలు, ఆమోదం జతచేసి మళ్ళీ పంపండి." ఇంకేం పూర్తి వివరాలు? పీఎన్ఆర్ ఇచ్చాను, మూడు తేదీలు ఇచ్చాను. 30న సద్దుల బతుకమ్మ, మా అమ్మ ఇప్పటినుంచే తంగేడు పూల గురించి ఫోన్లు చేస్తోంది. ఇలాంటి మెయిళ్ళు రాయడం తెలిసినవారు చెప్పండి.

---

నిర్వాహకుడు | రాత్రి 11:52

శారద గారూ, మీ సందేశంలోంచి పీఎన్ఆర్, ఇంటిపేరు తీసేశాను. ఆ రెండూ తెలిస్తే చాలు, విమాన సంస్థ సైటులో ఎవరైనా మీ బుకింగు తెరవగలరు. సీటు మార్చవచ్చు, కొన్ని టికెట్లయితే రద్దు కూడా చేయవచ్చు. బోర్డింగ్ పాసు ఫొటో పెట్టేవారికి కూడా ఇదే మాట.

---

ఒంటిచేత్తో | సెప్టెంబరు 16, ఉదయం 6:15

డెస్కు వాళ్ళతో ఈ కుస్తీ ఎందుకండీ? విమాన సంస్థ యాప్ తెరవండి, పీఎన్ఆర్ కొట్టండి, 'తేదీ మార్పు' నొక్కండి, కార్డుతో డబ్బు కట్టండి, అయిపోయింది. నేను పోయిన నెల బెంగళూరు టికెట్టు ఆటోలో కూర్చుని మార్చుకున్నాను. ఆటో దిగేలోపు కొత్త టికెట్టు వచ్చింది.

---

భీమిలి రావు | ఉదయం 6:50

అమ్మా, ఆన్‌లైన్లో తీసుకున్న టికెట్టుకు తేదీ మార్పు ఉండదు. కౌంటర్లో కొన్న టికెట్టుకే ఆ సౌకర్యం. బండి బయలుదేరడానికి 48 గంటల ముందు అసలు టికెట్టు పట్టుకుని కౌంటరుకు వెళ్ళాలి. నేను రెండుసార్లు విశాఖ ఎక్స్‌ప్రెస్‌కు అలాగే మార్పించుకున్నాను.

---

మెట్టుగూడ శారద | ఉదయం 9:30

రావు గారూ, ఇది రైలు కాదండీ, విమానం. నేనిప్పుడు జర్మనీలో ఉన్నాను.

ఒంటిచేత్తో గారూ, యాప్ చూశాను. 'మార్పు' నొక్కితే "మీ ట్రావెల్ ఏజెంటును సంప్రదించండి" అంటోంది.

---

భీమిలి రావు | ఉదయం 9:41

అయ్యో, 'తిరుగు టికెట్టు' వరకే చదివి రాసేశాను. కళ్ళజోడు మార్చాలి.

---

డెస్కు వెనక | ఉదయం 10:20

నేను 14 ఏళ్ళుగా ఇలాంటి మెయిళ్ళు అందుకునే వైపు కూర్చున్నాను. మీ కంపెనీ కాదులెండి, వేరే చోట. మీ మెయిలు చదవగానే అటువైపు మనిషికి ఏమవుతుందో చెబుతాను.

ముందు "28 ఆదివారం" సంగతి. అది బయలుదేరే రోజా, దిగే రోజా? ఫ్రాంక్‌ఫర్ట్‌లో మధ్యాహ్నమో సాయంత్రమో ఎక్కితే, దోహాలో మారి హైదరాబాద్‌లో దిగేసరికి మర్నాడు తెల్లవారుతుంది. మీరు "28న ఇంట్లో ఉంటాను" అన్న అర్థంలో రాసి ఉంటే 27 విమానం కావాలి. "28న ఎక్కుతాను" అనుకుంటే 29 తెల్లవారుజామున దిగుతారు. మా భాషలో తేదీ అంటే ఎక్కే ఊళ్ళో, ఆ ఊరి గడియారం ప్రకారం, విమానం బయలుదేరే తేదీ. చెప్పకపోతే మేం అదే అనుకుని సీటు పట్టేస్తాం. హైదరాబాద్‌లో ఎక్కేటప్పుడు ఇది ఇంకా ఘోరం. గల్ఫ్ విమానాలు చాలా వరకు అర్ధరాత్రి దాటాక పోతాయి. "శనివారం రాత్రి" అని రాస్తారు, విమానమేమో ఆదివారం తెల్లవారుజామున 4కు. ఒక రోజు ముందుకో వెనక్కో తీసిన టికెట్లను తిరగరాయడంలోనే నా ఉద్యోగంలో చాలా భాగం గడిచింది.

అందుకని తేదీ రాసినప్పుడు వారం పేరు, బయలుదేరే ఊరు కూడా రాయండి. "27 సెప్టెంబరు శనివారం, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి బయలుదేరే విమానం" అంటే ఇక ఎవరూ రెండో అర్థం తీయలేరు. తేదీకీ వారానికీ పొంతన కుదరకపోతే చదివేవాడే ఆగి అడుగుతాడు. అది మీకే మంచిది.

రెండో సంగతి వేరే. మీ వీసా ఎన్ని రోజులకు ఇచ్చారు? అది చూసి చెప్పండి, తేదీల సంగతి తర్వాత మాట్లాడదాం.

---

ఒంటిచేత్తో | ఉదయం 10:34

వీసా మీద చివరి తేదీ ఉంటుంది కదా. ఆ తేదీలోపు ఎప్పుడు బయలుదేరినా సరిపోతుంది. ఇందులో డెస్కుకు చెప్పేదేముంది?

---

మెట్టుగూడ శారద | మధ్యాహ్నం 1:05

వీసా చూశాను. అక్టోబరు 5 దాకా ఉంది. కాబట్టి 29 అయినా ఇబ్బంది లేదనుకుంటున్నాను.

---

డెస్కు వెనక | మధ్యాహ్నం 1:22

ఒంటిచేత్తో గారు చెప్పింది సగం నిజం. మిగతా సగమే మనిషిని విమానాశ్రయంలో నిలబెడుతుంది.

శారద గారూ, అదే స్టిక్కరు మీద ఇంకో గడి ఉంటుంది. జర్మన్ వీసా కాబట్టి అంకె పక్కన 'TAGE' అని ఉంటుంది, అంటే రోజులు. ఆ అంకె ఎంత?

---

మెట్టుగూడ శారద | మధ్యాహ్నం 1:31

21.

---

డెస్కు వెనక | మధ్యాహ్నం 1:58

అదీ సంగతి. అక్టోబరు 5 అన్నది ఆ వీసా వాడుకోగల గడువు. ప్రయాణం కొంచెం అటూ ఇటూ అయినా ఇబ్బంది లేకుండా ఉండాలని, ఉండే రోజుల కంటే పదిహేను రోజులు ఎక్కువగా ఆ గడువు ఇస్తుంటారు. ఆ గడువు లోపల మీరు ఉండగలిగింది మాత్రం 21 రోజులే. దిగిన రోజూ లెక్కే, వెళ్ళిన రోజూ లెక్కే. మీరు 7న దిగారు, అది ఒకటో రోజు. వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి, 21వ రోజు సెప్టెంబరు 27.

అంటే మీరు అన్నింటికంటే మంచిదని రాసిన 28, పర్వాలేదని రాసిన 29, రెండూ చెల్లవు. 28న పాస్‌పోర్టు తనిఖీ దగ్గరకు వెళితే ఒక రోజు ఎక్కువ ఉన్నట్టు. ఒక్క రోజే కదా అని వదిలేస్తారో, రాసుకుంటారో, జరిమానా వేస్తారో ఆ అధికారి ఇష్టం. ఇంకోసారి వీసాకు దరఖాస్తు పెట్టినప్పుడు అది ఎదురుపడవచ్చు. పొడిగింపు కోసం అక్కడి విదేశీయుల కార్యాలయానికి వెళ్ళవచ్చు గానీ, ఆఫీసు పని పెరిగిందన్న కారణం వాళ్ళు ఒప్పుకుంటారన్న భరోసా లేదు.

డెస్కులో వీసా చూసే అలవాటు అందరికీ ఉండదు. మీరు 28 అడిగితే 28కే సీటు తీసి ఇచ్చేవారు. తప్పు ఎవరిదైనా, తనిఖీ దగ్గర నిలబడేది మీరు.

---

మెట్టుగూడ శారద | మధ్యాహ్నం 2:10

గుండె ఝల్లుమంది. నేను 28న ఇంట్లో దిగాలనే రాశాను, అంటే 27న ఎక్కాలి. కానీ మీరన్నట్టు వాళ్ళు 28న ఎక్కే విమానం తీసి ఉంటే, నేనూ చూసుకోకుండా వెళ్ళిపోయేదాన్ని.

పని 26 శుక్రవారం మధ్యాహ్నం 2కి ముగుస్తుంది. కాబట్టి నాకున్నవి 26 సాయంత్రం, 27. ఈ రెండే కదా?

---

డాలస్ కోడలు | మధ్యాహ్నం 2:40

మధ్యలో దూరుతున్నాను, క్షమించండి. మా అత్తగారు మే 4న డాలస్ వచ్చారు. అక్టోబరు 25కు తిరుగు టికెట్టు. దీపావళికి ఎలాగూ ఇక్కడే ఉంటారు, థాంక్స్ గివింగ్ దాకా కూడా ఉంచుకోవాలని మా వారి ఆశ. వీసా పదేళ్ళది, 2031 దాకా ఉంది. ఆన్‌లైన్ ఏజెన్సీలో కొన్నాం. విమాన సంస్థకు ఫోను చేస్తే ఏజెన్సీని అడగమంటారు, ఏజెన్సీకి చేస్తే పాట వినిపిస్తోంది. డిసెంబరు మొదటి వారానికి మార్చవచ్చా?

---

డెస్కు వెనక | మధ్యాహ్నం 3:05

మీ అత్తగారిది కూడా శారద గారి కథే, దేశం వేరు. పదేళ్ళ వీసా అమెరికా గుమ్మం దాకా రావడానికి. ఎన్నాళ్ళు ఉండవచ్చో ఐ-94 అనే రాక రికార్డులో ఉంటుంది. అది అమెరికా సరిహద్దు శాఖ సైటులో పాస్‌పోర్టు నంబరు కొడితే వస్తుంది. సాధారణంగా దిగినప్పటి నుంచి ఆరు నెలలు ఇస్తారు. మే 4న దిగారు కాబట్టి నవంబరు మొదటి వారం దగ్గర ఉంటుంది, అసలు తేదీ అందులో చూడండి. డిసెంబరు కావాలంటే ముందు పొడిగింపుకు దరఖాస్తు, ఆ తర్వాతే టికెట్టు.

ఏజెన్సీ కొన్న టికెట్టును ఏజెన్సీయే మార్చాలన్నది మాత్రం మామూలు పద్ధతే. డబ్బు వాళ్ళ ద్వారా వెళ్ళింది కాబట్టి విమాన సంస్థ ముట్టుకోదు. ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు కొన్ని సంస్థలు తామే చేస్తాయి, అన్నీ కాదు.

---

డాలస్ కోడలు | మధ్యాహ్నం 3:30

చూశాను. నవంబరు 3. మా వారికి చెప్పే బాధ్యత కూడా నాదేనేమో.

---

డెస్కు వెనక | సాయంత్రం 4:15

శారద గారూ, ఇక మెయిలు. మీరు వదిలేసినవి ఇవి.

పీఎన్ఆర్ ఒక్కటే ఇచ్చారు. మా తెరమీద ఒక పీఎన్ఆర్ ఉంటుంది, విమాన సంస్థ దగ్గర ఇంకొకటి ఉంటుంది. మీ ఫోనులో కనిపించేది చాలాసార్లు రెండోది. దానితో వెతికితే మాకు దొరక్కపోవచ్చు. టికెట్ నంబరు ఇస్తే ఆ గొడవ ఉండదు. ఈ-టికెట్ మీద 13 అంకెలుంటాయి, మొదటి మూడూ విమాన సంస్థ గుర్తు. పేరు పాస్‌పోర్టులో ఉన్న వరుసలోనే రాయండి. మీరు వాడిన సగం, వాడని సగం స్పష్టంగా చెప్పండి. వచ్చే ప్రయాణం అయిపోయింది, తిరుగు ప్రయాణం ఒక్కటే మారాలి అని. అది రాయకపోతే మేం మళ్ళీ అడుగుతాం.

తేదీలు ఇష్టం ప్రకారం వరుసలో రాయండి. ఎందులో సర్దుకుంటారో, ఎందులో సర్దుకోలేరో చెప్పండి. దోహా బదులు వేరే ఊళ్ళో మారడం పర్వాలేదా? హైదరాబాద్‌కు బదులు బెంగళూరులో దిగితే? 'ఏదైనా పర్వాలేదు' అన్నది మర్యాద కోసం రాసే మాట, దాన్ని నమ్మి నేను పదకొండు గంటలు దోహాలో కూర్చోబెట్టిన మనిషి ఒకాయన ఇప్పటికీ నన్ను పలకరించడు.

ఆమోదం కూడా ఇప్పుడే తెచ్చుకోండి. తేదీ మార్పుకు రెండు రకాల డబ్బు పడుతుంది. ఒకటి మార్పు రుసుము, అది మీ టికెట్ నియమాల్లో ముందే రాసి ఉంటుంది. రెండోది ఛార్జీ తేడా, అది ఆ రోజు ఏ ధర సీట్లు మిగిలాయన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒకే విమానంలో ఒకే వరుస కుర్చీలు అరడజను ధరలకు అమ్ముతారు, ఒక్కో ధరకు ఒక్కో అక్షరం. మీరు కొన్న అక్షరం ఆ రోజు ఖాళీగా ఉంటే తేడా ఉండదు. అయిపోతే పై అక్షరానికి ఎక్కాలి. అందుకే రెండు తేదీలకూ ధర అడగండి. మేనేజరు "ఎంతవుతుంది?" అని అడిగే లోపు డెస్కు సీటు పట్టుకుని ఉంటుంది, కానీ కొన్ని గంటలే.

---

మెట్టుగూడ శారద | సాయంత్రం 5:20

తిరగరాశాను. ఇలా పంపనా?

"విషయం: తిరుగు ప్రయాణం తేదీ మార్పు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్, ప్రస్తుత తేదీ 20 సెప్టెంబరు శనివారం.

ప్రయాణికురాలి పేరు (పాస్‌పోర్టులో ఉన్నట్టు), ఉద్యోగి నంబరు, టికెట్ నంబరు, పీఎన్ఆర్: (ఇక్కడ రాయడం లేదు).

హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ ప్రయాణం 7 సెప్టెంబరున పూర్తయింది. తిరుగు ప్రయాణం మాత్రమే మార్చాలి. దోహా మీదుగా రెండు విమానాలూ కలిపి.

కారణం: క్లయింటు పని 26 సెప్టెంబరు వరకు పొడిగించారు. మేనేజరు ఆమోదం జతచేశాను.

కావలసిన తేదీలు, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి బయలుదేరే రోజు ప్రకారం: మొదట 27 సెప్టెంబరు శనివారం, ఏ వేళ అయినా. రెండోది 26 సెప్టెంబరు శుక్రవారం, సాయంత్రం 5 తర్వాత. వీసా ప్రకారం 27 తర్వాత నేను ఇక్కడ ఉండకూడదు, కాబట్టి 28, ఆ తర్వాతి తేదీలు వద్దు. ఇంతకు ముందు మెయిల్లో రాసిన తేదీలను పరిగణించవద్దు.

దోహాలో 6 గంటల వరకు ఆగగలను. దిగేది హైదరాబాద్‌లోనే.

రెండు తేదీలకూ మార్పు రుసుము, ఛార్జీ తేడా విడివిడిగా తెలుపగలరు. నేను సరే అనే వరకు టికెట్ రీఇష్యూ చేయవద్దు. 20వ తేదీ విమానం బయలుదేరే లోపు ఏ సంగతీ తేలకపోతే, ఆ సీటునైనా రద్దు చేసి ఉంచగలరు."

---

డెస్కు వెనక | సాయంత్రం 5:36

నా డెస్కుకు ఇలాంటి మెయిలు వస్తే ఆ రోజు టీ రెండు కప్పులు తాగుతాను. చివరి వాక్యం ఎవరు చెప్పారు మీకు?

---

మెట్టుగూడ శారద | సాయంత్రం 5:40

ఇక్కడ పక్క సీటు సహోద్యోగి. ఆయనకు ఒకసారి జరిగిందట.

---

డెస్కు వెనక | సాయంత్రం 5:52

ఆయనకు నమస్కారం చెప్పండి. కొత్త తేదీ తేలకపోయినా పాత సీటు వదిలేస్తే టికెట్టు ప్రాణంతో ఉంటుంది, తర్వాత వాడుకోవచ్చు. వదలకుండా విమానం వెళ్ళిపోతే మీరు రాని ప్రయాణికురాలి కింద పడతారు. మేం నో-షో అంటాం. దానికి వేరే జరిమానా, కొన్ని టికెట్లకైతే మిగిలిన విలువ మొత్తం పోతుంది. మొదటి మెయిల్లోని తేదీలను పక్కన పెట్టమన్నారు, అది కూడా మంచి పని. లేకపోతే ఒకరు మొదటిది, ఇంకొకరు రెండోది చూసి చెరో సీటు పడతారు.

---

పద్దుల పంతులు | రాత్రి 8:10

ఒక్క మాట. ట్రావెల్ ఇన్సూరెన్సు? అది 20, 21తో అయిపోయి ఉంటుంది. షెంజెన్ ప్రయాణానికి ఉన్నన్ని రోజులూ ఇన్సూరెన్సు ఉండాలి. హోటలు కూడా. ఈ రెండూ ఆ మెయిల్లోనే పడితే డెస్కు ఒక్కసారే చేస్తుంది.

---

మెట్టుగూడ శారద | రాత్రి 8:25

21తో అయిపోతోంది! చేర్చి పంపుతున్నాను.

---

మెట్టుగూడ శారద | సెప్టెంబరు 17, బుధవారం, మధ్యాహ్నం 12:15

జవాబు వచ్చింది. 27 శనివారం: రుసుము 8,500, ఛార్జీ తేడా 19,700, మొత్తం 28,200. 26 శుక్రవారం సాయంత్రం: రుసుము 8,500, తేడా 4,100, మొత్తం 12,600. "ఈ రోజు సాయంత్రం 6లోపు చెప్పండి, ఆ తర్వాత సీటు పోతుంది" అన్నారు. మొత్తం టికెట్టు మొదట కొన్నప్పుడు 61,300. ఒక్క రోజుకు ఇంత తేడానా?

---

ఒంటిచేత్తో | మధ్యాహ్నం 12:24

నేను ఇప్పుడే చూశాను, 27న ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్ ఒకవైపు కొత్త టికెట్టు 31,000. 28,200 పెట్టి మార్చుకునే బదులు పాతది రద్దు చేసి కొత్తది కొంటే, రద్దు డబ్బు వెనక్కి వస్తుంది కదా?

---

డెస్కు వెనక | మధ్యాహ్నం 12:50

ఆ లెక్క వేయడం తప్పు కాదు, ఒక్కోసారి కొత్తదే చవక. కానీ సగం వాడిన టికెట్టు రద్దు చేస్తే సగం డబ్బు రాదు. వచ్చిన ప్రయాణానికి ఒకవైపు ఛార్జీ పూర్తిగా లెక్కగట్టి తీసేస్తారు, రద్దు రుసుము తీసేస్తారు. చివరికి కొన్ని పన్నులు తప్ప మిగలకపోవచ్చు. డెస్కును అడగకుండా ఆ పని చేయవద్దు. పైగా సొంత కార్డుతో కొన్న టికెట్టు డబ్బు కంపెనీ నుంచి రాబట్టుకోవడం ఇంకో యుద్ధం.

శారద గారూ, 6 అంటే హైదరాబాద్‌లో 6. అక్కడి కంటే ఇక్కడ ఇప్పుడు మూడున్నర గంటలు ముందుంటాం, అంటే మీకు మధ్యాహ్నం 2:30. ఆలస్యం చేయకండి.

---

పద్దుల పంతులు | మధ్యాహ్నం 12:58

27 అయితే శుక్రవారం రాత్రికి ఇంకో హోటలు అద్దె కూడా ఉంది. ఎంత?

---

మెట్టుగూడ శారద | మధ్యాహ్నం 1:06

95 యూరోలు.

---

పద్దుల పంతులు | మధ్యాహ్నం 1:12

సుమారు 9,800. అంటే 27కు 38,000, 26కు 12,600. కంపెనీకి 25 వేల పైచిలుకు తేడా. మీ మేనేజరు 26 అంటారు, నేనైనా అదే అంటాను.

---

మెట్టుగూడ శారద | మధ్యాహ్నం 1:30

అన్నారు. సరే పంపేశాను. శుక్రవారం పని అప్పగింత మధ్యాహ్నం 12కి జరపమని క్లయింటును అడిగాను, ఒప్పుకున్నారు. నగరం మధ్య స్టేషను నుంచి విమానాశ్రయానికి లోకల్ రైల్లో పావుగంటే.

శనివారం అయితే పొద్దున్నే నదీ తీరం చూసి వచ్చేదాన్ని. పోనీలెండి.

---

గుంటూరు మిరప | మధ్యాహ్నం 2:20

నాకొక అనుమానం. పోయిన ఏడాది ఆమ్‌స్టర్‌డామ్‌లో పని అయ్యాక మా అన్నయ్య దగ్గర రెండు రోజులు ఉంటానన్నాను. తేదీ మార్చారు, తేడా మొత్తం నా జీతంలో కోశారు. నేను ఉండాలనుకున్న తేదీ విమానం, పని అయిపోయిన రోజు విమానం కంటే చవక. అయినా మొదటి టికెట్టుతో పోల్చి కోశారు. ఇది న్యాయమేనా?

---

పద్దుల పంతులు | మధ్యాహ్నం 2:45

సొంత పని మీద ఉంటే మార్పు ఖర్చు సొంతం. అందులో అన్యాయం ఏముంది?

---

డెస్కు వెనక | మధ్యాహ్నం 3:10

నేను ఒప్పుకోను పంతులు గారూ. పని పూర్తయిన రోజు విమానం ధర, ఈయన అడిగిన రోజు విమానం ధర, రెండూ ఒకే సమయంలో తీసి పోల్చాలి. మేం అలాగే చేస్తాం. అలా ధర తీసిన కాగితం మార్పు అడిగే రోజే డెస్కు నుంచి తెప్పించుకోవాలి. తర్వాత ఆ ధరలు ఎవరూ చూపించలేరు.

---

పద్దుల పంతులు | మధ్యాహ్నం 3:18

పని పూర్తయిన రోజు టికెట్టు ముందే కొని ఉన్నప్పుడు ఆ రోజు ధర ఎందుకు తీయాలి? అది ఇప్పటికే కట్టేసిన డబ్బు. కంపెనీకి అదనంగా అయింది మార్పు ఖర్చే.

---

గుంటూరు మిరప | మధ్యాహ్నం 3:25

మా అకౌంట్స్ వాళ్ళు కూడా అచ్చంగా ఇదే అన్నారు. మీరు మా ఆఫీసులో పని చేయడం లేదు కదా?

---

మెట్టుగూడ శారద | సాయంత్రం 6:40

డెస్కు నుంచి ఫోను వచ్చింది, "అయిపోయిందండీ, మార్చేశాం" అన్నారు. యాప్‌లో 26 కనిపిస్తోంది. అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు.

---

డెస్కు వెనక | సాయంత్రం 6:48

ఆగండి. మెయిల్లో కొత్త ఈ-టికెట్ వచ్చిందా? టికెట్ నంబరు పాతదేనా, మారిందా?

---

మెట్టుగూడ శారద | సాయంత్రం 6:59

మెయిలు రాలేదు. యాప్‌లో టికెట్ నంబరు చూస్తే పాతదే ఉంది. ఆ 13 అంకెలే.

---

డెస్కు వెనక | సాయంత్రం 7:10

అయితే ఇంకా కాలేదు. బుకింగులో సీటు మారింది, టికెట్టు మారలేదు. యాప్‌లో చూసేది బుకింగు, విమానాశ్రయం కౌంటర్లో వాళ్ళు చూసేది టికెట్టు. అందులో ఇంకా 20వ తేదీయే ఉంటుంది. డబ్బు కట్టి రీఇష్యూ చేస్తేనే కొత్త నంబరు పుడుతుంది, పాతది చెల్లిపోయినట్టు గుర్తు పడుతుంది. ఛార్జీ తేడా కట్టిన మార్పుకు కొత్త నంబరు రాకుండా ఉండదు. ఈ తేడా చూసుకోకుండా బయలుదేరి, కౌంటరు దగ్గర నిలబడి నాకు ఫోను చేసిన వారు చాలామందే ఉన్నారు. అది సాధారణంగా ఆదివారం అవుతుంది, డెస్కు మూసి ఉంటుంది.

ఒక్క వాక్యం రాయండి: "రీఇష్యూ అయిన టికెట్ కొత్త నంబరు పంపగలరు."

---

మెట్టుగూడ శారద | సెప్టెంబరు 18, గురువారం, ఉదయం 8:50

మీరన్నట్టే జరిగింది. మేనేజరు ఆమోదం మెయిలుగా పంపారు, వాళ్ళ పోర్టల్‌లో కూడా నొక్కాలట. నొక్కలేదు. రాత్రంతా సీటు అలా ఊగిసలాడుతూ ఉంది. పొద్దున్నే ఆయనకు ఫోను చేసి నొక్కించాను. పావుగంట క్రితం కొత్త టికెట్టు వచ్చింది. నంబరు వేరు, తేదీ 26 సెప్టెంబరు శుక్రవారం, దిగేది 27 తెల్లవారుజామున. ఇన్సూరెన్సు 28 దాకా పొడిగించారు.

ఇంకొక్కటి. పాత టికెట్టులో శాకాహార భోజనం, కిటికీ సీటు పెట్టుకున్నాను. కొత్తదానిలో అవి కనిపించడం లేదు.

---

డెస్కు వెనక | ఉదయం 9:05

అవి పాత విమానంతోనే పోయాయి. మళ్ళీ అడగాలి. భోజనం ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి దోహాకు, దోహా నుంచి హైదరాబాద్‌కు, రెండు విమానాలకూ విడిగా అడగండి, కనీసం 24 గంటల ముందు. ఇది మీ యాప్‌లోనే చేయవచ్చు.

---

ఒంటిచేత్తో | ఉదయం 9:12

చూశారా, యాప్ దేనికైనా పనికొచ్చింది.

---

భీమిలి రావు | ఉదయం 9:30

27న తెల్లవారుజామునే దిగుతున్నారంటే 30కి ఇంకా మూడు రోజులుంది. తంగేడు పూలు మీరే కోసుకు రావచ్చునమ్మా.